టీచరు సెలవు పెడితే పీరియడ్ల సర్దుబాటు, బాకీల లెక్క

హైస్కూల్లో ఒక టీచరు సెలవు పెడితే ఆ రోజు ఖాళీ పడే పీరియడ్లకు ఎవరెవరిని పంపాలో నిర్ణయించి రాసే కాగితాన్ని మన బడుల్లో సబ్‌స్టిట్యూషన్ అని, అడ్జస్ట్‌మెంట్ అని, లేదా సర్దుబాటు అని పిలుస్తారు. బడి మొదలు కావడానికి ముందే హెడ్మాస్టరో, టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జో దాన్ని తయారుచేసి స్టాఫ్ రూములో పెడతారు. ఈమధ్య ఆ కాగితం ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా మామూలే. తమ పేరు ఉన్నవాళ్లు పక్కన సంతకం చేసి క్లాసుకు వెళ్తారు. చాలా బడుల్లో పని అంతటితో అయిపోతుంది. నెలలు గడిచాక ఎవరు ఎన్ని పీరియడ్లు ఎక్కువ తీసుకున్నారో, బడి ఎవరికి ఎంత బాకీ ఉందో చెప్పే పుస్తకం మాత్రం ఉండదు. స్టాఫ్ రూములో ఈ విషయం మీద వచ్చే మనస్తాపాలు చాలావరకు ఆ పుస్తకం లేకపోవడం వల్లే వస్తాయి.

సర్దుబాటుకు వాడేది లీజర్ పీరియడ్లనే. రోజుకు 8 పీరియడ్ల చొప్పున వారానికి 6 రోజులు నడిచే బడిలో మొత్తం 48 పీరియడ్లుంటాయి. 36 పీరియడ్లు పాఠాలు చెప్పే టీచరుకు మిగిలేవి 12. ఈ పన్నెండూ ఊరికే కూర్చోవడానికి ఇచ్చినవి కావు. నోటుబుక్కులు దిద్దడం, లెసన్ ప్లాన్ రాయడం, పరీక్షల మార్కులు ఎక్కించడం, వెనుకబడిన పిల్లల్ని విడిగా చూడడం అన్నీ అందులోనే జరగాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు కూడా టీచరు వారంలో కనీసం 45 గంటలు పనిచేయాలంటూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని ఆ గంటల్లోనే కలిపింది. అందువల్ల ఒక లీజర్‌ను సర్దుబాటుకు వాడుకుంటే, బడి ఆ టీచరు పనివేళలోంచి ఒక ముక్క అరువు తీసుకున్నట్టే లెక్క. రిజిస్టరులో రాయాల్సింది ఈ అరువునే.

సర్దుబాటు చేసేవారు ముందుగా సెలవు ఏ రకమైనదో చూస్తారు. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పే సీఎల్ ఒక రకం. సీఎల్‌ను ఒక పూటకు కూడా పెట్టుకోవచ్చు కాబట్టి, ఉదయం పూటకా మధ్యాహ్నం పూటకా అన్నది సరిగ్గా తెలుసుకోవాలి. శిక్షణకో, కాంప్లెక్సు సమావేశానికో వెళ్లే ఆన్ డ్యూటీ రెండో రకం. దాని ఉత్తర్వు సాధారణంగా ముందే వస్తుంది. టీచర్లను విద్యేతర పనులకు పంపకూడదని చెప్పే విద్యాహక్కు చట్టం 27వ సెక్షను కూడా జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనులను మినహాయించింది. వీటిలో విపత్తు తప్ప మిగిలినవి ముందుగా తెలిసేవే. ముందే తెలిసిన గైర్హాజరీకి కూడా ఆ ఉదయమే హడావిడిగా చీటీ రాయడం మానుకోదగిన అలవాటు. రెండు రోజుల ముందే రాసి పెడితే, వెళ్లే టీచరు ఆ క్లాసులో ఏ పని చేయించాలో రాసి ఇచ్చి వెళ్లగలుగుతారు.

ప్రసూతి సెలవు లాంటి పొడవైన సెలవు మూడో రకం. దీన్ని రోజువారీ సర్దుబాటుతో నెట్టుకురాకూడదు. 180 రోజుల సెలవుకు రోజూ చీటీలు రాస్తూ పోతే ఆ సబ్జెక్టు పాఠం ఒక్కటీ సాగదు, లీజర్లన్నీ హరించుకుపోతాయి. టైమ్‌టేబులే మార్చి ఆ సబ్జెక్టును ఒకరిద్దరికి అప్పగించాలి. లేదంటే పై అధికారుల ద్వారా పక్క బడి నుంచి వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద మరో టీచరును తెప్పించుకోవాలి. వారం పది రోజులు దాటే గైర్హాజరీని సర్దుబాటు పుస్తకంలోంచి తీసి పనిభారం లెక్కలోకి మార్చడం మంచి హద్దు. ఒకరిద్దరు టీచర్లే ఉన్న ప్రాథమిక పాఠశాలల్లో లీజర్ అన్నదే ఉండదు కాబట్టి, అక్కడ సర్దుబాటు బడి బయటి నుంచే జరగాలి. అది వేరే కథ.

ఇక ఖాళీ పీరియడుకు ఎవరిని పంపాలి? ఆ గంటలో లీజర్ ఉన్నవారిలో అదే క్లాసుకు పాఠం చెప్పేవారుంటే వారికే మొదటి అవకాశం ఇవ్వడం మేలు. పిల్లల పేర్లు తెలుస్తాయి, తన సబ్జెక్టు పాఠమే ఒకటి ముందుకు జరుపుకోవచ్చు. అలాంటివారు ఇద్దరుంటే బాకీ లెక్కలో వెనుకబడినవారు, అంటే ఇప్పటివరకు తక్కువ తీసుకున్నవారు వెళ్లాలి. ఎవరికైనా ఆ రోజు కనీసం ఒక లీజర్ మిగలాలన్నది గట్టిగా పట్టుకోవాల్సిన నియమం. రోజులో ఉన్న రెండు మూడు లీజర్లూ పోయిన టీచరు సాయంత్రానికి ఎలా ఉంటారో స్టాఫ్ రూములో అందరికీ తెలుసు.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఈ నియమాలు ఎలా నడుస్తాయో తెలుస్తుంది. లెక్క సులువుగా ఉండడానికి తెలుగు, గణితం, ఇంగ్లిషు, జీవశాస్త్రం టీచర్లు నలుగురే సర్దుబాట్లు చేసే బడి అనుకుందాం. ఒక సోమవారం సోషల్ టీచరు రోజంతా సీఎల్ పెట్టారు. ఆ రోజు ఆ టీచరుకు 1వ పీరియడు 9-ఏలో, 3వది 8-బిలో, 4వది 10-ఏలో, 6వది 7-ఏలో, 8వది 9-బిలో ఉన్నాయి. హిందీ టీచరు ఉదయం పూట సెలవు పెట్టారు. వారికి 2వ పీరియడు 6-ఏలో, 3వది 6-బిలో ఉన్నాయి. మొత్తం ఏడు ఖాళీలు. ఆ రోజు లీజర్లు చూస్తే తెలుగు టీచరుకు 3, 5 పీరియడ్లు, గణితం టీచరుకు 1, 6, ఇంగ్లిషు టీచరుకు 3, 4, 7, జీవశాస్త్రం టీచరుకు 2, 4, 8.

మొదటి పీరియడులోనే చిక్కు వచ్చింది. అప్పుడు ఖాళీగా ఉన్నది గణితం టీచరొక్కరే. కానీ అప్పటికే అందరికన్నా ఎక్కువ బాకీ రావలసింది ఆ టీచరుకే. ఇలాంటప్పుడు పీరియడును జరపడం మంచి ఉపాయం. అదే 9-ఏకు ఆ టీచరు గణితం పాఠం 8వ పీరియడులో ఉంది కాబట్టి, దాన్ని 1వ పీరియడుకు తెచ్చారు. గణితం టీచరుకు పొద్దున పోయిన లీజరు సాయంత్రం తిరిగి వచ్చింది. 9-ఏలో ఖాళీ మాత్రం 1 నుంచి 8కి జరిగింది.

రెండో పీరియడులో 6-ఏకు జీవశాస్త్రం టీచరు వెళ్లారు. మూడో పీరియడులో రెండు ఖాళీలకు ఇద్దరే ఉన్నారు. తెలుగు టీచరు రోజూ 8-బికి పాఠం చెప్తారు కాబట్టి అక్కడికి, ఇంగ్లిషు టీచరు 6-బికి వెళ్లారు. నాలుగో పీరియడుకు ఇంగ్లిషు, జీవశాస్త్రం టీచర్లు ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ పదో తరగతికి చెప్పేవారే. బాకీ లెక్కలో ఇంగ్లిషు టీచరు ఇంకా వెనుక ఉన్నారు, 7వ పీరియడు లీజరు ఎలాగూ మిగులుతుంది. అందుకని 10-ఏ ఇంగ్లిషు టీచరుకు పడింది. ఆరో పీరియడులో మళ్లీ గణితం టీచరొక్కరే ఖాళీ. వారిని కదపకుండా 7-ఏను పక్కగదిలో తెలుగు టీచరు చెప్తున్న 7-బితో కలిపారు. ఎనిమిదో పీరియడులో 9-ఏ, 9-బి రెండూ ఖాళీ అయ్యాయి. జీవశాస్త్రం టీచరు రెండు సెక్షన్లనీ కలిపి స్టడీ అవర్ పెట్టారు. రోజు ముగిసేసరికి నలుగురికీ కనీసం ఒక్కో లీజరు దక్కింది.

చీటీ మూసే ముందు ఒక చిన్న కూడిక చేయాలి. ఖాళీ పడిన పీరియడ్ల సంఖ్య, లీజరు వదులుకుని తీసుకున్నవి, కలిపి నడిపినవి, ఎవరూ వెళ్లకుండా మిగిలినవి అన్నీ కలిపిన మొత్తానికి సమానం కావాలి. పై ఉదాహరణలో లీజరు వదులుకున్నవి ఐదు: తెలుగు టీచరుది ఒకటి, ఇంగ్లిషు టీచరువి రెండు, జీవశాస్త్రం టీచరువి రెండు. కలిపి నడిపినవి రెండు: 7-ఏ, సాయంత్రానికి జరిగి 9-బితో కలిసిన 9-ఏ. ఐదూ రెండూ ఏడు. ఈ కూడిక తప్పిందంటే, ఏదో ఒక క్లాసు ఆ రోజు టీచరు లేకుండా ఉండిపోయిందన్నమాట. చీటీలో పేరు రాసినంత మాత్రాన ఆ టీచరు వెళ్లినట్టు కాదు. క్లాసు లీడరు రాసే పీరియడ్ రిజిస్టరుతో వారానికోసారి చీటీలను సరిచూస్తే ఆ తేడా బయటపడుతుంది.

ఇప్పుడు బాకీ పుస్తకం. ముందుగా ఏది లెక్కకు వస్తుందో జూన్‌లోనే స్టాఫ్ మీటింగులో తేల్చుకోవాలి. మధ్యలో తేల్చుకుంటే ప్రతి నియమమూ ఎవరో ఒకరి కోసం పెట్టినట్టే కనిపిస్తుంది. లీజరు పోతే ఒకటి అన్నది అన్నిటికన్నా తేలికైన, నిలబడే నియమం. దీని ప్రకారం గణితం టీచరు ముందుకు జరిపిన పాఠానికి ఏమీ రాదు, ఎందుకంటే లీజరు తిరిగి వచ్చింది. పదో తరగతి పిల్లలు విహారయాత్రకు వెళ్లినందువల్ల ఖాళీ దొరికిన టీచరు ఆ సమయంలో వేరే క్లాసుకు వెళ్తే అదీ లెక్కకు రాదు. ఆ పీరియడులో వారికి ఎలాగూ పాఠం ఉంది. తన సొంత పీరియడులోనే పక్క సెక్షనును కూడా కూర్చోబెట్టుకున్న తెలుగు టీచరుకు లీజరు పోలేదు గానీ శ్రమ పెరిగింది. దాన్ని విడిగా మరో గడిలో రాసి, ఎక్కువైనప్పుడు చూసుకోవడం న్యాయం. ఇద్దరు టీచర్లు మాట్లాడుకుని పీరియడ్లు మార్చుకుంటే అది వారిద్దరి మధ్య అప్పు. చీటీలో రాసి, రెండు వారాల్లోగా తిరిగి ఇవ్వకపోతే దాన్ని సర్దుబాటుగా మార్చేస్తే సరిపోతుంది.

ఎవరు ఎన్ని తీసుకున్నారో కూడడం సులువే. కానీ ఆ మొత్తాలను పక్కపక్కన పెట్టి పోల్చడం దగ్గరే చాలా బడులు పొరబడతాయి. వెనకటి ఉదాహరణలో ఆ సోమవారం ఉదయానికి జూన్ నుంచి జరిగిన సర్దుబాట్లు మొత్తం 60 అనుకుందాం. తెలుగు టీచరు 16, గణితం టీచరు 14, ఇంగ్లిషు టీచరు 12, జీవశాస్త్రం టీచరు 18 తీసుకున్నారు. పైకి చూస్తే గణితం టీచరు తక్కువ చేసినవారిలోనే ఉన్నారు. కానీ వారంలో ఉన్న లీజర్లు తెలుగుకు 15, గణితానికి 10, ఇంగ్లిషుకు 15, జీవశాస్త్రానికి 20, అంటే మొత్తం 60. ఎవరి లీజర్లను బట్టి వారి వాటా అనుకుంటే, తెలుగు టీచరు 15, గణితం టీచరు 10, ఇంగ్లిషు టీచరు 15, జీవశాస్త్రం టీచరు 20 సర్దుబాట్లు చేసి ఉండాలి. చేసినదాంట్లోంచి వాటా తీసేస్తే తెలుగు టీచరుకు 1 రావాలి, గణితం టీచరుకు 4 రావాలి. ఇంగ్లిషు టీచరు 3, జీవశాస్త్రం టీచరు 2 వెనుక ఉన్నారు. గణితం టీచరుకు ఉన్న కాస్త లీజర్లోంచే బడి ఎక్కువ లాక్కుంది. ఉత్త మొత్తాలు చూసి ఉంటే ఆ సోమవారం మొదటి పీరియడుకూ ఆరో పీరియడుకూ ఆ టీచరునే పంపి ఉండేవారు.

ఈ లెక్కలో ఒక మంచి గుణం ఉంది. అందరి బాకీలూ కలిపితే ఎప్పుడూ సున్నా రావాలి. ఒకటీ నాలుగూ కలిపి ఐదు ఒకవైపు, మూడూ రెండూ కలిపి ఐదు మరోవైపు. సున్నా రాకపోతే ఎక్కడో ఒక చీటీ ఎక్కలేదు, లేదా రెండుసార్లు ఎక్కింది. మరో విషయం, బాకీ తీరే దారి కూడా ఇందులోనే ఉంది. ఆ సోమవారం తర్వాత మొత్తం 65 అయ్యాయి. గణితం టీచరు చేసినవి 14 దగ్గరే ఆగాయి. వారి వాటా మాత్రం 65లో ఆరో వంతు, అంటే దాదాపు 11కి పెరిగింది. ఆ రోజు ఏమీ చేయకుండానే వారికి రావలసిన బాకీ 4 నుంచి 3 దగ్గరికి తగ్గింది. మిగిలినవాళ్లు వెళ్తూ ఉంటే, తాను వెళ్లకుండా ఉన్న ప్రతి రోజూ బాకీ కొంచెం తీరుతుంది. ప్రభుత్వ బడిలో డబ్బు రూపంలో ఇవ్వడం కుదరదు కాబట్టి బాకీ తీర్చడానికి దీన్నే అసలు పద్ధతిగా పెట్టుకోవచ్చు.

సెలవు పెట్టినవారి పేరున అప్పు రాయాలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. సోషల్ టీచరు వల్ల ఖాళీలు పడ్డాయి కాబట్టి ఐదు పీరియడ్లు వారి ఖాతాలో వేయమని కొందరు అడుగుతారు. వేయకూడదు. సీఎల్ టీచరుకు నిబంధనలు ఇచ్చిన సెలవు. దానికి వెనకనుంచి జరిమానా వేసినట్టవుతుంది. జ్వరం వచ్చినా బడికి వచ్చి కూర్చునేవారు తయారవుతారు. ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చిన టీచరు ఎన్నేళ్లయినా తీర్చలేని అప్పుతో మొదలుపెట్టాల్సి వస్తుంది. వారి వాటా కట్టేటప్పుడు బడిలో ఉన్న రోజుల లీజర్లనే లెక్కలోకి తీసుకుంటే చాలు. లేని రోజుల్లో వారి లీజర్లు సున్నా కాబట్టి వాటా కూడా పెరగదు. తిరిగి వచ్చాక అప్పూ ఉండదు, మినహాయింపూ ఉండదు.

ఎంత లెక్క రాసినా కొన్ని వంకరలు దాటిపోతాయి. లీజర్లు ఎన్ని ఉన్నాయన్నదే కాదు, ఎప్పుడు ఉన్నాయన్నదీ ముఖ్యం. మొదటి పీరియడులో లీజరు ఉన్న టీచరును ఆలస్యంగా వచ్చినవారి కోసం, పర్మిషన్ పెట్టినవారి కోసం తరచూ పిలుస్తారు. అలాంటి టీచరు బాకీ ఎప్పుడూ పైనే ఉంటే అది సర్దుబాటు చేసేవారి తప్పు కాదు, టైమ్‌టేబులు తప్పు. మొదటి పీరియడు లీజర్లను వారమంతా ఒక్కరికే కాకుండా పంచితే సరవుతుంది. కాదనలేని స్వభావం ఉన్న టీచరు మీద భారం పడడం రెండో వంకర. అడగగానే వెళ్తారని ప్రతిసారీ వారినే అడుగుతారు. కొత్తగా చేరినవారికి, పీఈటీకి ఎక్కువగా జరిగేది ఇదే. పుస్తకం ఉంటే ఇది రెండు నెలల్లోనే అంకెల్లో కనబడుతుంది. అందుకని పుస్తకాన్ని హెడ్మాస్టరు బీరువాలో దాచకుండా స్టాఫ్ రూములో అందరూ చూసేలా ఉంచాలి. చీటీ రాసిన రోజునే ఎక్కించాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని ఎక్కించిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఒక హద్దు కూడా అవసరం. లెక్క ఎంత సమంగా ఉన్నా, అందరికీ సమానంగా ఎక్కువైతే ఉపయోగం లేదు. ఇంగ్లండులో 2004 సెప్టెంబరు నుంచి ఒక టీచరు ఏడాదిలో చేయాల్సిన సర్దుబాటుకు 38 గంటల పరిమితి పెట్టారు. మరుసటి ఏడాది బోధన సమయంలో పదో వంతును పాఠాల తయారీకి కేటాయించి, ఆ సమయాన్ని సర్దుబాటుకు తీసుకోకూడదన్నారు. 2009 సెప్టెంబరు నుంచి టీచర్లు ఎప్పుడో అరుదుగా తప్ప సర్దుబాటుకు వెళ్లనక్కర్లేదని నియమం మారింది. దానితో అక్కడి బడులు ఆ పనికి విడిగా మనుషులను పెట్టుకోవాల్సి వచ్చింది. మన హైస్కూల్లో విడిగా మనిషిని పెట్టుకునే వీలు అరుదు. అయినా మనిషికి వారానికి రెండు, మహా అయితే మూడు అని స్టాఫ్ అంతా ఒప్పుకున్న అంకె ఒకటి ఉంటే, దాన్ని దాటిన వారాల్లో సెక్షన్లు కలపడమో, ఆటల పీరియడు జరపడమో చేయడానికి ఇన్‌ఛార్జికి ధైర్యం వస్తుంది. ఏడాదంతా ఆ అంకె దాటిపోతూనే ఉంటే సమస్య సెలవుల్లో లేదు, పోస్టుల ఖాళీల్లో ఉంది. పై అధికారులకు రాసే లేఖకు ఆ పుస్తకమే ఆధారం అవుతుంది.

ఏడాది చివర్లో లెక్క తీరు మారుతుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలైతే పీరియడ్ల నిడివి తగ్గుతుంది. పీరియడును ఒకటిగా లెక్కపెట్టే పుస్తకంలో చిన్న పీరియడు, పెద్ద పీరియడు ఒకే విలువ పొందుతాయి. తేడా పది నిమిషాలలోపే అయితే వదిలేయవచ్చు. ఎక్కువైతే ఒంటిపూట రోజులకు విడిగా పేజీ పెట్టి, చివర్లో నిమిషాలను మామూలు పీరియడ్లలోకి మార్చుకోవాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల ఇన్విజిలేషన్‌కు, తర్వాత స్పాట్ వాల్యుయేషన్‌కు టీచర్లు వెళ్లేదీ ఆ నెలల్లోనే. అప్పుడు ఒకేసారి చాలామంది ఉండరు. అయితే పదో తరగతి పిల్లలు కూడా వెళ్లిపోయి ఉంటారు కాబట్టి, వారికి చెప్పేవాళ్లలో బడిలో మిగిలినవారికి వారానికి ఐదారు పీరియడ్లు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీలతో ముందుగా సర్దితే ఎవరి లీజరూ పోదు, ఏడాదంతా ఎక్కువ మోసినవారికి విశ్రాంతి ఇవ్వడానికీ అదే సమయం.

ఏప్రిల్ చివరి పనిదినాన పుస్తకం మూసేటప్పుడు ఒకటి రెండు పీరియడ్ల తేడాలను వదిలేయవచ్చు. అంతకన్నా పెద్ద బాకీని కొత్త టైమ్‌టేబులులో మొదటి వరుసలోనే రాసి జూన్‌కు తీసుకెళ్లాలి. బదిలీ అయి వెళ్లిపోయిన టీచరు బాకీని మిగిలినవారి లీజర్లను బట్టి పంచి రాస్తే, కొత్త ఏడాది పుస్తకం కూడా సున్నా మొత్తంతోనే మొదలవుతుంది.